చలనదశలో ఏది విడిపోతుంది? సమవిభజన, క్షయకరణ విభజనలను పోల్చి రాయడం

ప్రశ్న: మేడమ్, "సమవిభజన, క్షయకరణ విభజనలను పోల్చండి" అన్న ఎనిమిది మార్కుల ప్రశ్నకు నాలుగు పేజీలు రాశాను. దశలన్నీ వరుసగా, ఒక్కటి కూడా వదలకుండా రాశాను, బొమ్మలు వేశాను. నాలుగు మార్కులే వచ్చాయి. పక్కన "పోలిక ఎక్కడ?" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. చివర్లో పట్టిక కూడా వేశాను, అది సరిపోదా? ఇంకా ఏమి రాయాలి? క్రోమోజోముల సంఖ్య దగ్గర నాకు ఎప్పుడూ తికమకగానే ఉంటుంది. అది కూడా వివరించండి.
— పన్నెండో తరగతి విద్యార్థిని

సమాధానం:

మీ మొదటి రెండు పేజీలు సమవిభజనకు, తర్వాతి రెండు క్షయకరణ విభజనకు పోయి ఉంటాయి. నేను దిద్దే జవాబు పత్రాల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి. రాసిన ప్రతి వాక్యం నిజమే అయి ఉంటుంది. కానీ ఒకటో పేజీలోని మధ్యస్థదశను తెచ్చి మూడో పేజీలోని మధ్యస్థదశ పక్కన పెట్టి చూసుకునే పని దిద్దేవారికి మిగిలిపోతుంది. ఈ ప్రశ్నకు మార్కులు ఆ పక్కపక్కన పెట్టడానికే ఇస్తారు. పట్టిక చివర్లో ఉంటే, అప్పటికే చెప్పినదాన్ని మళ్లీ చెప్పినట్టవుతుంది తప్ప జవాబుకు కొత్తగా ఏమీ కలవదు.

అందువల్ల దశల వరుసను కాసేపు పక్కన పెట్టండి. ఈ రెండు విభజనల మధ్య ఉన్న తేడాలన్నీ ఒకే ఒక ఘటన చుట్టూ తిరుగుతాయి: చలనదశలో ఏది దేని నుంచి విడిపోతోంది? సమవిభజనలో ఒక క్రోమోజోములోని రెండు సోదర క్రోమాటిడ్లు విడిపోతాయి. క్షయకరణ విభజనలోని మొదటి విభజనలో సోదర క్రోమాటిడ్లు కలిసే ఉంటాయి, సమజాత క్రోమోజోములు ఒకదాని నుంచి మరొకటి విడిపోతాయి. సోదర క్రోమాటిడ్లు విడిపోయేది రెండో విభజనలో. ఈ ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి గుర్తుపెట్టుకోనక్కరలేదు, ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే వస్తాయి.

ఎలా వస్తాయో చూడండి. సమజాతాలు విడిపోవాలంటే అవి ముందు జత కట్టి ఉండాలి. అందుకే మొదటి ప్రథమదశ అంత సుదీర్ఘంగా సాగుతుంది. జైగోటీన్‌లో అవి పక్కపక్కన చేరతాయి, పాకిటీన్‌లో వాటి క్రోమాటిడ్ల మధ్య వినిమయం జరుగుతుంది, డిప్లోటీన్‌లో అవి కాస్త ఎడమైనా వినిమయం జరిగిన చోట కయాస్మాల దగ్గర అంటిపెట్టుకునే ఉంటాయి. ఆ అంటిపెట్టుకోవడం వల్లనే అవి మధ్యస్థదశలో జతలుగా మధ్యఫలకం మీదికి వస్తాయి. సమవిభజనలో సమజాతాలు జత కట్టవు. కాబట్టి ప్రతి క్రోమోజోము తనంత తానుగా, ఒంటరిగా మధ్యఫలకం మీదికి వస్తుంది. ప్రథమదశలోని తేడా మధ్యస్థదశలోని తేడాకు కారణం, మధ్యస్థదశలోని తేడా చలనదశలోని తేడాకు కారణం. మీ జవాబులో "అందువల్ల" అన్న మాట రెండు మూడు చోట్ల సహజంగా రావాలి. అది ఎక్కడా కనిపించని జవాబు విడివిడి వాస్తవాల మూట అవుతుంది.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలనుకుంటే ఒక్క వాక్యం చాలు, అదీ సెంట్రోమియర్ దగ్గర. సమవిభజనలో రెండు సోదర క్రోమాటిడ్ల కైనెటోకోర్లు ఎదురెదురు ధ్రువాల నుంచి వచ్చే కండె తంతువులకు తగులుకుంటాయి. క్షయకరణ మొదటి విభజనలో ఆ రెండూ ఒకే ధ్రువం వైపు తంతువులకు తగులుకుంటాయి, పైగా సెంట్రోమియర్ దగ్గర సోదర క్రోమాటిడ్లను కలిపి ఉంచే కొహెసిన్ అనే ప్రొటీను అప్పుడు తెగదు. చేతుల పొడవునా ఉన్న కొహెసిన్ మాత్రం తెగిపోతుంది. కయాస్మాలు వదులై సమజాతాలు విడిపోవడానికి దారి దొరికేది అలాగే. "క్షయకరణ మొదటి చలనదశలో సెంట్రోమియర్ విడిపోదు" అని రాసిన విద్యార్థికి విషయం తెలుసని దిద్దేవారికి వెంటనే అర్థమవుతుంది. ఆ ఒక్క వాక్యం ఉందా లేదా అని నేను ప్రతి పత్రంలో వెతుకుతాను.

ఇక మీ తికమక సంగతి. ఇది మీ ఒక్కరిదే కాదు, తరగతిలో సగం మంది ఇక్కడే తడబడతారు. మూలం ఏమిటంటే, డీఎన్ఏ రెట్టింపయినప్పుడు క్రోమోజోములు కూడా రెట్టింపయ్యాయని అనుకోవడం. అలా జరగదు. క్రోమోజోములను లెక్కపెట్టేటప్పుడు చేతులను చూడకండి, విడివిడిగా ఉన్న సెంట్రోమియర్ ప్రదేశాలను లెక్కపెట్టండి. రెండు క్రోమాటిడ్లు ఒకే సెంట్రోమియర్ దగ్గర కలిసి ఉన్నంతసేపు అది ఒకే క్రోమోజోము. అవి విడిపోయిన క్షణం నుంచి ఒక్కొక్కటీ ఒక్కో క్రోమోజోము.

ఉల్లి మొక్కను తీసుకుందాం, ప్రయోగశాలలో దాని వేరు కొనను మీరు చూసే ఉంటారు. దాని ద్వయస్థితిక సంఖ్య 16. వేరు కొనలోని ఒక కణం విభజనకు సిద్ధమవుతోంది. డీఎన్ఏ రెట్టింపు కాకముందు దానిలో 16 క్రోమోజోములు, 16 డీఎన్ఏ అణువులు ఉంటాయి. అంతర్దశలో డీఎన్ఏ రెట్టింపయ్యాక క్రోమోజోములు 16గానే ఉంటాయి, డీఎన్ఏ అణువులు 32 అవుతాయి, అంటే 32 క్రోమాటిడ్లు. మధ్యస్థదశలోనూ అంతే. చలనదశ మొదలవగానే సెంట్రోమియర్లు విడిపోతాయి కాబట్టి ఆ కాసేపు ఆ ఒక్క కణంలో 32 క్రోమోజోములు ఉంటాయి, ఒక్కో ధ్రువానికి 16 చొప్పున పోతాయి. చివరికి రెండు పిల్లకణాలు, ఒక్కోదానిలో 16.

ఇప్పుడు అదే ఉల్లి పువ్వులోని పరాగకోశానికి రండి. అక్కడి పరాగ మాతృకణంలో కూడా 16 క్రోమోజోములు, డీఎన్ఏ రెట్టింపయ్యాక 32 క్రోమాటిడ్లు. ఇంతవరకు తేడా లేదు. మొదటి ప్రథమదశలో ఆ 16 జత కట్టి 8 బైవాలెంట్లు అవుతాయి. మొదటి చలనదశలో ఒక్కో ధ్రువానికి 8 క్రోమోజోములు పోతాయి, కానీ ప్రతిదానిలో రెండేసి క్రోమాటిడ్లు ఉంటాయి కాబట్టి ధ్రువం దగ్గర 16 క్రోమాటిడ్లు కనిపిస్తాయి. సంఖ్య సగమైంది ఇక్కడే. రెండో విభజనకు ముందు డీఎన్ఏ మళ్లీ రెట్టింపు కాదు. రెండో చలనదశలో ఆ 8 క్రోమోజోముల సెంట్రోమియర్లు విడిపోయి, చివరికి నాలుగు కణాలు ఏర్పడతాయి, ఒక్కోదానిలో 8 క్రోమోజోములు, 8 డీఎన్ఏ అణువులు.

"రెండు విభజనలు జరిగాయి కదా, మరి సంఖ్య నాలుగో వంతు ఎందుకు కాలేదు?" అని ఎవరైనా అడిగితే జవాబు ఈ లెక్కలోనే ఉంది. క్రోమోజోముల సంఖ్య మొదటి విభజనలో మాత్రమే తగ్గింది. డీఎన్ఏ పరిమాణం మాత్రం రెండు విభజనల్లోనూ సగం చొప్పున తగ్గింది: 32 నుంచి 16కు, 16 నుంచి 8కి. ఈ రెండు తగ్గుదలలను కలిపేసి "రెండో విభజనలో క్రోమోజోముల సంఖ్య సగమవుతుంది" అని రాసే తప్పు నేను తరచుగా చూస్తుంటాను. అలాంటిదే మరొకటి, "రెండో విభజన అచ్చం సమవిభజనే" అనడం. క్రోమాటిడ్లు విడిపోయే తీరు వరకు ఆ మాట నిజం. కానీ రెండో విభజనకు ముందు డీఎన్ఏ రెట్టింపు కాలేదు, అది మొదలయ్యేది ఏకస్థితిక సంఖ్యతో, పైగా వినిమయం వల్ల ఆ సోదర క్రోమాటిడ్లు ఇప్పుడు అన్నిచోట్లా ఒకేలా లేవు. "విధానంలో సమవిభజనను పోలి ఉంటుంది" అని రాస్తే సరిపోతుంది.

బొమ్మల విషయానికి వస్తే, అన్ని దశలూ వేయకండి. నాలుగు బొమ్మలు చాలు: రెండు విభజనల మధ్యస్థదశలు పైవరుసలో పక్కపక్కన, చలనదశలు వాటి కింద. క్షయకరణ విభజనకు మొదటి విభజనలోని దశలను వేయండి, ఎందుకంటే తేడా ఉన్నది అక్కడే. రెండు వైపులా ఒకే కణంతో, 2n = 4తో మొదలుపెట్టండి: ఒక పొడవు జత, ఒక పొట్టి జత. ప్రతి జతలో ఒకదాన్ని పెన్సిలుతో నింపండి, రెండోదాన్ని ఖాళీగా వదిలేయండి. సమజాతాలు ఏవో చూడగానే తెలియాలి.

సమవిభజన మధ్యస్థదశలో నాలుగు క్రోమోజోములు ఒకే వరుసలో నిలబడాలి. క్షయకరణ మధ్యస్థదశలో రెండు జతలు, నల్లది ఒక ధ్రువం వైపు, తెల్లది మరో ధ్రువం వైపు తిరిగి ఉండాలి. ఇక చలనదశ బొమ్మల్లోనే అసలు పరీక్ష. సమవిభజనలో ఒక్కో ధ్రువం వైపు నాలుగు క్రోమోజోములు పోతుంటాయి, ప్రతిదీ ఒకే క్రోమాటిడ్, ఒకే గీతతో వంగిన ఆకారం. క్షయకరణ మొదటి చలనదశలో ఒక్కో ధ్రువం వైపు రెండే క్రోమోజోములు, కానీ ప్రతిదానికీ రెండు క్రోమాటిడ్లు, సెంట్రోమియర్ దగ్గర కలిసి ఉంటాయి. ఇక్కడ కూడా ఒంటి గీతలే వేస్తే పక్కన ఎంత చక్కగా రాసినా బొమ్మ ఆ మాటలను కాదంటుంది. ఇంకో చిన్న విషయం: వినిమయం జరిగిందని రాశారు కాబట్టి, నల్ల క్రోమోజోములోని ఒక క్రోమాటిడ్ కొసను తెల్లగా, దాని జతలోని ఒక క్రోమాటిడ్ కొసను నల్లగా వేయండి. ఇది వేసేవారు చాలా తక్కువ. కనిపించినప్పుడు నాకు నిజంగా సంతోషం కలుగుతుంది.

ఇక రాసే వరుస. మొదటి రెండు వాక్యాల్లోనే పోలిక మొదలైపోవాలి, నిర్వచనాలతో పేజీ నింపకూడదు. నేనైతే ఇలా మొదలుపెడతాను:

"రెండు విభజనలకూ ముందు అంతర్దశలో డీఎన్ఏ ఒక్కసారే రెట్టింపవుతుంది. ఆ తర్వాత సమవిభజనలో కేంద్రకం ఒకసారి, క్షయకరణ విభజనలో వరుసగా రెండుసార్లు విభజన చెందుతుంది. రెండింటిలోనూ క్రోమోజోములు కుదించుకుని కండె తంతువులకు అతుక్కుని ధ్రువాలకు చేరతాయి. అయితే సమవిభజనలో విడిపోయేవి సోదర క్రోమాటిడ్లు, క్షయకరణ మొదటి విభజనలో విడిపోయేవి సమజాత క్రోమోజోములు. మిగతా తేడాలకు ఇదే మూలం."

ఇందులో పోలికలు వచ్చాయి, ప్రధానమైన తేడా కూడా వచ్చింది. ప్రశ్నలో "పోల్చండి" అని ఉంటే ఉమ్మడి లక్షణాలు కూడా చెప్పాలని గుర్తుంచుకోండి. "భేదాలు రాయండి" అని మాత్రమే ఉంటే ఆ మూడో వాక్యం వదిలేయవచ్చు.

దీని తర్వాత వెంటనే పట్టిక, ఇలా:

| ఆధారం | సమవిభజన | క్షయకరణ విభజన |
|---|---|---|
| ప్రథమదశ | సమజాతాలు జత కట్టవు | మొదటి ప్రథమదశలో జత కట్టి బైవాలెంట్లు అవుతాయి, వినిమయం జరుగుతుంది |
| మధ్యస్థదశ | క్రోమోజోములు ఒక్కొక్కటిగా మధ్యఫలకం మీదికి వస్తాయి | మొదటి విభజనలో జతలుగా, రెండోదానిలో ఒక్కొక్కటిగా వస్తాయి |
| చలనదశ | సెంట్రోమియర్లు విడిపోయి సోదర క్రోమాటిడ్లు వేరవుతాయి | మొదటి విభజనలో సమజాతాలు వేరవుతాయి, సోదర క్రోమాటిడ్లు రెండోదానిలో వేరవుతాయి |
| పిల్లకణాలు | రెండు, మాతృకణంలో ఉన్నంత సంఖ్యతో | నాలుగు, సగం సంఖ్యతో |
| జన్యు స్వభావం | మాతృకణాన్ని పోలి ఉంటాయి | మాతృకణంతోనూ ఒకదానితో మరొకటీ తేడాగా ఉంటాయి |

మొదటి నిలువు వరుసను జాగ్రత్తగా చూడండి. పట్టికకు ప్రాణం అదే. చాలామంది దాన్ని వేయరు. అప్పుడు ఎడమవైపు "వేరు కొనలో జరుగుతుంది" అని, దానికి ఎదురుగా కుడివైపు "నాలుగు కణాలు ఏర్పడతాయి" అని రాసేస్తారు. రెండూ నిజాలే, కానీ ఒకటి చోటు గురించి, మరొకటి ఫలితం గురించి. అది పోలిక కాదు. ఆధారం ముందుగా రాసుకుంటే ఈ తప్పు జరగడానికి వీలుండదు. అలాగే ఒకవైపు "వినిమయం జరుగుతుంది" అని రాసి, రెండోవైపు గడిని ఖాళీగా వదలకండి. లేకపోవడాన్ని కూడా రాయాలి.

పట్టిక కింద ఒక చిన్న పేరా, చివరి వరుసకు కారణం చెప్పడానికి. క్షయకరణ విభజనలో కణాలు వేర్వేరుగా ఉండటానికి వినిమయం ఒక కారణం. రెండోది, జతలు మధ్యఫలకం మీద ఏ దిక్కుకు తిరిగి నిలబడతాయన్నది ప్రతి జతకూ స్వతంత్రంగా జరగడం. మీరు వేసిన 2n = 4 కణంలో పొడవు జతలోని నల్లది పైకి తిరిగితే పొట్టి జతలోనూ నల్లది పైకి తిరగవచ్చు, కిందికీ తిరగవచ్చు. రెండు జతలతో నాలుగు రకాల కలయికలు వస్తాయి. ఉల్లిలో 8 జతలు కాబట్టి వినిమయాన్ని లెక్కలోకి తీసుకోకుండానే 2⁸, అంటే 256 రకాలు. ఈ ఒక్క అంకె "వైవిధ్యం కలుగుతుంది" అన్న వాక్యం కంటే ఎక్కువ చెబుతుంది. సమవిభజనలో ఈ రెండు దారులూ లేవు కాబట్టి పిల్లకణాలు మాతృకణంలాగే ఉంటాయి, పెరుగుదలకు, గాయం మానడానికి కావలసింది కూడా అదే. ప్రాముఖ్యం గురించి ఇంతకు మించి పెంచనక్కరలేదు.

"మాత్రమే" అన్న మాట విషయంలో జాగ్రత్త. "సమవిభజన ద్వయస్థితిక కణాల్లో మాత్రమే జరుగుతుంది" అన్నది తప్పు. మాస్ మొక్కలోని సంయోగబీజదం ఏకస్థితికం, అది పెరిగేదీ సంయోగబీజాలను తయారుచేసేదీ సమవిభజనతోనే. మగ తేనెటీగ కూడా ఏకస్థితికమే, దాని శుక్రకణాలు కూడా సంఖ్య తగ్గకుండానే తయారవుతాయి. ఏకస్థితిక కణంలో జత కట్టడానికి సమజాతాలే ఉండవు కాబట్టి సమజాతాలను విడదీసే విభజనకు అక్కడ చోటు లేదు. అలాగే క్షయకరణ విభజన ఫలితాన్ని "సంయోగబీజాలు" అని ఒక్క మాటతో తేల్చకండి. జంతువుల్లో అవి సంయోగబీజాలు, మొక్కల్లో సిద్ధబీజాలు. ఉల్లి పరాగకోశంలో ఏర్పడిన ఆ నాలుగు కణాలు సూక్ష్మసిద్ధబీజాలే. ఆడ జంతువుల్లో నాలుగింటిలో అండంగా మారేది ఒక్కటే, మిగతావి చిన్న ధ్రువకణాలుగా మిగిలిపోతాయి. "నాలుగు కేంద్రకాలు ఏర్పడతాయి, అన్నీ పనికివచ్చే సంయోగబీజాలు కానక్కరలేదు" అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ఇదంతా కలిపి ఒకటిన్నర పేజీ, బొమ్మలతో రెండు పేజీలు దాటదు. లెప్టోటీన్ నుంచి డయాకైనసిస్ వరకు ఉన్న ఉపదశలను ఒక్కొక్కటిగా వర్ణించాలనిపిస్తుందని తెలుసు, కష్టపడి నేర్చుకున్నారు కదా. కానీ ఇక్కడ వాటికి సమవిభజనలో జోడీ లేదు. జత కట్టడం, వినిమయం అన్న రెండు మాటలకు కావలసినంత వరకే వాటిని వాడండి. "మొదటి ప్రథమదశను వివరించండి" అన్న ప్రశ్న వచ్చిన రోజు అవన్నీ రాయవచ్చు.

రాయడం మొదలుపెట్టే ముందు మీకు మీరే ఒక లెక్క చేసి చూసుకోండి. 2n = 6 ఉన్న కణం. సమవిభజన మధ్యస్థదశలో, సమవిభజన చలనదశలో, మొదటి క్షయకరణ చలనదశలో ఒక ధ్రువం దగ్గర, రెండో క్షయకరణ విభజన ముగిశాక ఒక్కో కణంలో ఎన్ని క్రోమోజోములు, ఎన్ని క్రోమాటిడ్లు ఉంటాయో కాగితం మీద వేయండి. మీకు వరుసగా ఇవి రావాలి: 6 క్రోమోజోములు, 12 క్రోమాటిడ్లు; కణం మొత్తంలో 12 క్రోమోజోములు, ప్రతిదీ ఒక్కో క్రోమాటిడ్; 3 క్రోమోజోములు, 6 క్రోమాటిడ్లు; 3 క్రోమోజోములు, ఒక్కోదానిలో ఒకే డీఎన్ఏ అణువు. మూడోదాని దగ్గర 6 క్రోమోజోములు వచ్చాయంటే మీరు సెంట్రోమియర్లకు బదులు క్రోమాటిడ్లను లెక్కపెట్టారన్నమాట. అప్పుడు ఉల్లి లెక్కను బొమ్మతో సహా ఇంకోసారి వేసి చూడండి.